యాదయ్య ఇక ఎవరికి రిపోర్ట్ చేయాలి? ప్రమోషన్ మెయిల్ గురించి

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర ఉప్పుడు బియ్యం మిల్లు. క్వాలిటీ చూసే మేడమ్‌కి ప్రొడక్షన్ మేనేజర్‌గా ప్రమోషన్ ఇచ్చారు. డ్రయ్యర్, మిల్లింగ్ సూపర్‌వైజర్లు ఇద్దరూ ఇప్పటిదాకా జీఎం గారి కింద ఉన్నారు, ఇక ఆమె కిందికి వస్తారు. డ్రయ్యర్ చూసే యాదయ్య గారు ఆమెకంటే పదేళ్లు సీనియర్. ఓనర్ సార్ "మంచిగ పొగిడి ఒక మెయిల్ పెట్టు, ఎవరికి ఏం మారిందో కూడా రాయి" అన్నారు. రాశాను. మా అకౌంటెంట్ చదివి "పొగడ్త బానే ఉంది, రేపటి నుంచి నేను ఎవరి సంతకం తీసుకోవాలి?" అన్నాడు. డ్రాఫ్ట్ ఇది, పేర్లు మార్చాను:

"అంకితభావానికి, కృషికి మారుపేరైన స్రవంతి గారు ప్రొడక్షన్ మేనేజర్‌గా పదోన్నతి పొందారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. గత యాసంగిలో డ్రయ్యింగ్‌లో లోపాల వల్ల లాట్లు తిరిగి వస్తున్నప్పుడు ఆమె ఆ సమస్యను పరిష్కరించారు. ఇకపై ప్రొడక్షన్‌కు సంబంధించిన అన్ని వ్యవహారాలను తన ప్రస్తుత బాధ్యతలతో పాటు పర్యవేక్షిస్తారు. అందరూ సహకరించగలరు."

సమాధానం:

మీ అకౌంటెంట్‌కి ఒక టీ తాగించండి, మెయిల్లో ఏం లేదో ఒక్క ముక్కలో పట్టుకున్నాడు. నేను జడ్చర్ల వైపు ఫ్యాక్టరీల్లో హెచ్ఆర్ పనిలో పద్దెనిమిదేళ్లు చేశాను, ఇట్లాంటి మెయిళ్లు చాలానే రాశాను, రెండు మూడు చెడగొట్టాను కూడా. నాకు అర్థమైంది ఏంటంటే, ప్రమోషన్ మెయిల్ గజిబిజిగా వచ్చిందంటే చాలాసార్లు రాసేవాడికి భాష రాక కాదు, పైన కొన్ని సంగతులు ఇంకా తేల్చలేదు కాబట్టి. తేలని చోట మనం "అన్ని వ్యవహారాలు", "ప్రస్తుత బాధ్యతలతో పాటు" లాంటి మాటలు పెట్టి పూడ్చేస్తాం.

మీ డ్రాఫ్ట్‌లో సరిగ్గా ఆ "ప్రస్తుత బాధ్యతలతో పాటు" దగ్గరే ఆగిపోయాను నేను. ఆమె ప్రస్తుత బాధ్యత ఏంటి? క్వాలిటీ. డ్రయ్యర్ నుంచి వచ్చిన వడ్లలో తేమ చూడడం, మిల్లు నుంచి వచ్చిన బియ్యంలో నూక ఎంతుంది, రంగు మారిన గింజ ఎంతుంది అని చూసి లాట్‌ని పోనివ్వాలా ఆపాలా అని చెప్పడం. కొత్త బాధ్యత ఆ వడ్లు ఎండబెట్టి, ఆ బియ్యం ఆడించి, లారీ ఎక్కించడం. మీ మెయిల్ ప్రకారం అయితే సోమవారం నుంచి బియ్యం తయారు చేసేదీ ఆమే, బాగుందని సంతకం పెట్టేదీ ఆమే. ఆమె ఎంత నిజాయితీ మనిషైనా, సీజన్ మధ్యలో గోదాము నిండిపోయి, గేటు బయట వడ్ల ట్రాక్టర్లు బారులు తీరి ఉన్న రోజున, తేమ 14 శాతం దాటి ఒక అర శాతం ఎక్కువ చూపిస్తే ఆ లాట్‌ని ఎవరు ఆపుతారు? ఆపే మనిషి ప్రొడక్షన్ కింద ఉండకూడదు. ఇది ఆమె మీద అనుమానం కాదు, ఆ కుర్చీ అట్లాంటిది.

కాబట్టి మెయిల్ ముట్టుకోకముందే ఓనర్ సార్ దగ్గరికి వెళ్లి, ల్యాబ్‌లో ఉన్న వాళ్లు ఇక ఎవరికి రిపోర్ట్ చేస్తారు అని అడగండి. బహుశా ఆయన "అరె, అది ఆలోచించలేదే" అంటారు. క్వాలిటీకి కొత్త మనిషి దొరికేదాకా ల్యాబ్ నేరుగా జీఎం గారికి రిపోర్ట్ చేస్తుంది, లాట్ పాస్ చేసే సంతకం జీఎం గారిది అంటే సరిపోతుంది. ఇంకా మంచిది, ల్యాబ్‌లో సీనియర్‌గా ఉన్న అసిస్టెంట్‌కి తాత్కాలికంగా ఆ సంతకం ఇచ్చి జీఎం గారి కింద పెట్టడం. ఏదైనా ఒకటి తేలాలి, తేలింది మెయిల్లో రావాలి.

తేలిందో లేదో చూసుకోవడానికి నా దగ్గర ఒక పద్ధతి ఉంది. కాగితం మీద మూడు సంఘటనలు రాసుకుంటాను. రాత్రి రెండు గంటలకు డ్రయ్యర్ బ్లోయర్ ఆగింది, షిఫ్ట్‌లో ఉన్న మనిషి ఎవరికి ఫోన్ చేస్తాడు? యాదయ్య కూతురి పెళ్లికి నాలుగు రోజులు సెలవు కావాలి, కాగితం ఎవరికి ఇస్తాడు? ఎలివేటర్ బెల్టు తెగింది, కొత్తది కొనాలి, ఇండెంట్ మీద సంతకం ఎవరిది, ఎంత దాటితే జీఎం గారి దగ్గరికి పోవాలి? మెయిల్ చదివిన మనిషి ఈ మూడింటికి ఎవర్నీ అడక్కుండా జవాబు చెప్పగలిగితే మెయిల్ పూర్తయినట్టు. మీ డ్రాఫ్ట్ పట్టుకుని ప్రయత్నించండి, ఒక్కదానికీ జవాబు రాదు. మీ అకౌంటెంట్ అడిగింది ఆ మూడోదే.

ఇప్పుడు పొగడ్త. ఇక్కడ మీరు చూసుకోని ప్రమాదం ఇంకొకటి ఉంది, రిపోర్టింగ్ కంటే ఇదే ఎక్కువ మంట పెడుతుంది. "డ్రయ్యింగ్‌లో లోపాల వల్ల లాట్లు తిరిగి వస్తున్నప్పుడు" అని రాశారు. డ్రయ్యర్ ఎవరిది? యాదయ్యది. అంటే స్రవంతి గారిని పొగుడుతూ, ఆమె కిందికి కొత్తగా వస్తున్న, ఆమెకంటే పదేళ్లు పెద్దవాడైన మనిషి పనిలో లోపం ఉండేదని కంపెనీ అందరికీ రాసి పంపిస్తున్నారు. మీకు ఆ ఉద్దేశం లేదని నాకు తెలుసు, కానీ ఆయన చదివేది అదే. పక్కనున్న వాళ్లు చదివి ఆయన ముఖం వైపు చూస్తారు, అది ఇంకా ఘోరం.

అట్లని ఆ సంగతి తీసేయమని అనడం లేదు, తీసేస్తే "అంకితభావానికి మారుపేరు" ఒక్కటే మిగులుతుంది, ఆ మాట పోయిన ఏడాది రిటైరైన గుమస్తాకీ రాసి ఉంటారు. నిజంగా పొగడ్త అంటే ఆమె చేసిన పని కళ్లకు కట్టాలి. దానికి స్రవంతి గారినే కాదు, యాదయ్యనీ కూర్చోబెట్టి అప్పుడు ఏం జరిగిందో చెప్పమనండి. నేను ఊహించగలిగింది ఇది: యాసంగి వడ్లు పచ్చి బియ్యంగా ఆడిస్తే ఎండకు పగిలి నూక ఎక్కువైతుంది కాబట్టి ఉడకబెట్టే ఆడిస్తాం, ఉడికిన వడ్లు ఎండడం అంతటా ఒక్కతీరు ఉండదు, డ్రయ్యర్లో ఒక చోట తీసిన గుప్పెడు సరిగ్గా ఎండి ఉంటుంది, ఇంకో చోట తీసింది ఇంకా పచ్చిగా ఉంటుంది. బహుశా ఆమె ఒకే శాంపిల్ మీద ఆధారపడకుండా దింపేటప్పుడు నాలుగైదుసార్లు తీసి చూసి, ఎక్కడ తేడా వస్తుందో పట్టుకుని ఉంటుంది. ఆ లెక్క చూసి గాలి వేడి, దింపే సమయం మార్చింది మాత్రం యాదయ్యే అయ్యుంటాడు, ఎందుకంటే మిషన్ చెయ్యి ఆయనది. అట్లయితే అట్లనే రాయండి. ఇద్దరి పనీ రాస్తే ఆమె గొప్ప తగ్గదు, పైగా సీనియర్‌తో కలిసి పని చేయించగలిగింది అని తెలుస్తుంది, మేనేజర్‌ని చేయడానికి అసలు కారణం అదే కదా. అట్ల జరగలేదు అంటే ఇంకో సంఘటన ఎంచుకోండి. జరగనిది మాత్రం రాయొద్దు, మిల్లులో పనిచేసేవాళ్లకి డ్రయ్యర్ దగ్గర ఎవరు నిలబడ్డారో తెలుసు.

ఇంకొక మాట. మెయిల్ పంపడానికి ముందు యాదయ్యకు నోటితో చెప్పాలి. ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నది. చాలా ఏళ్ల కింద, పేరు చెప్పను, ఒక ప్లాంట్‌లో ప్యాకింగ్ సూపర్‌వైజర్ ఒకాయన పదకొండేళ్లు ఒకే మేనేజర్ కింద చేశాడు. ఆయన్ని ఒక కుర్రాడి కింద పెట్టారు, ఆ సంగతి ఆయన మేనేజరే చెప్తాడని నేననుకున్నా, నేను చెప్పి ఉంటానని మేనేజర్ అనుకున్నాడు, చివరికి ఇద్దరం చెప్పలేదు. శనివారం సాయంత్రం మెయిల్ కొట్టి నేను ఇంటికి పోయా. సోమవారం పొద్దున ఆయన నా రూమ్‌కి వచ్చాడు, చేతిలో టిఫిన్ డబ్బా ఇంకా అట్లనే ఉంది, గేటు దగ్గర నుంచి తిన్నగా వచ్చినట్టున్నాడు. కోపంగా ఏం అనలేదు. "సార్, సెక్యూరిటీ అబ్బాయి కంగ్రాట్స్ చెప్పిండు, కొత్త సారు వచ్చిండంట కదా అని. నాకు తెల్వదు అంటే నవ్విండు" అన్నాడు. అంతే, కూర్చోమన్నా కూర్చోలేదు. రెండు నెలల్లో మానేశాడు. ఆ కుర్రాడికి లైన్ నడపడం చేతకాక కాదు, మొదటి రోజు నుంచి ప్యాకింగ్‌లో ఎవరూ అతనితో నోరు విప్పి మాట్లాడలేదు, అందుకని ఆర్నెల్లలో అతన్నీ వేరే చోటికి మార్చాల్సి వచ్చింది.

కాబట్టి వరుస ఇట్ల పెట్టుకోండి. ముందు స్రవంతి గారి చేతికి ప్రమోషన్ లెటర్, సంతకంతో. మెయిల్ అనేది అందరికీ తెలియజేయడానికి, ఆర్డర్ మాత్రం లెటరే, రెండింట్లో హోదా పేరు, తేదీ ఒక్కటే ఉండాలి. జీతం సంగతి లెటర్లోనే ఆగిపోవాలి. తర్వాత మెయిల్‌కి ముందు రోజు యాదయ్య, మిల్లింగ్ చూసే ఆయన (సైదులు అందాం), ఇద్దరితో విడివిడిగా జీఎం గారు మాట్లాడాలి. మీరు కాదు, జీఎం గారు, ఎందుకంటే ఇన్నాళ్లు ఆయన కిందే పనిచేశారు, ఆయన నోటి నుంచి వింటేనే అది గౌరవంగా ఉంటుంది. యాదయ్య "నన్నెందుకు అడగలేదు" అని అనొచ్చు, దానికి జవాబు జీఎం గారు ముందే సిద్ధం చేసుకోవాలి. నిజమైన జవాబు, సర్దుబాటు మాట కాదు. ల్యాబ్ వాళ్లకు ఆమే చెప్పుకోవచ్చు. ఆ మర్నాడు పొద్దున మెయిల్. వీళ్లకి చెప్పిన తర్వాత రెండు రోజులు ఆగితే వార్త హమాలీల దాకా పోయి ఇంకో రూపంలో తిరిగొస్తుంది. శనివారం సాయంత్రం మాత్రం వద్దు, నేను ఎందుకంటున్నానో చెప్పాను.

మెయిల్ ఓనర్ గారి పేరు మీద పోవాలి, మీరు రాసినా సరే. కొత్త మనిషికి అధికారం ఎవరు ఇచ్చారన్నది సంతకంలో కనిపించాలి.

నేనైతే ఇట్ల రాస్తాను, మీ వివరాలు మార్చుకోండి:

"సబ్జెక్ట్: స్రవంతి గారు ప్రొడక్షన్ మేనేజర్ – 1వ తేదీ నుంచి అమలు

అందరికీ నమస్తే,

మన క్వాలిటీ ఇన్‌ఛార్జి స్రవంతి గారు వచ్చే నెల 1వ తేదీ నుంచి ప్రొడక్షన్ మేనేజర్‌గా బాధ్యత తీసుకుంటున్నారు. ఆమె జీఎం గారికి రిపోర్ట్ చేస్తారు.

పోయిన యాసంగిలో తేమ ఎక్కువుందని మన లాట్లు కొన్ని వాపస్ వచ్చిన సంగతి మీకందరికీ గుర్తుండే ఉంటుంది. అప్పుడు స్రవంతి గారు రోజుకు ఒక శాంపిల్‌తో సరిపెట్టకుండా, డ్రయ్యర్ దింపిన ప్రతిసారీ నాలుగైదు చోట్ల వడ్లు తీసి, తేమ రాసిపెట్టి, ఆ నోటుబుక్కు పట్టుకుని యాదయ్య గారి దగ్గరికి వెళ్లారు. ఇద్దరూ కలిసి రాత్రి షిఫ్ట్‌లో కూర్చుని దింపే సమయం మార్చారు. ఆ తర్వాత తేమ మీద లాట్ వాపస్ రాలేదు. ఎవరి తప్పు అని వెతక్కుండా ఎక్కడ తేడా వస్తుందని వెతికిన తీరు చూసే ఈ బాధ్యత ఆమెకు ఇస్తున్నాం.

1వ తేదీ నుంచి నానబెట్టడం, ఉడకబెట్టడం, డ్రయ్యర్, మిల్లింగ్, ప్యాకింగ్ ఆమె చూస్తారు. డ్రయ్యర్ సూపర్‌వైజర్ యాదయ్య గారు, మిల్లింగ్ సూపర్‌వైజర్ సైదులు గారు ఇప్పటిదాకా జీఎం గారికి రిపోర్ట్ చేశారు, ఇకనుంచి స్రవంతి గారికి రిపోర్ట్ చేస్తారు. వారి సెక్షన్లు, వారి కింద ఉన్న మనుషులు మారడం లేదు. సెలవు కాగితాలు, షిఫ్ట్ మార్పులు, మా మధ్య అనుకున్న పరిమితి దాకా స్పేర్ పార్టుల ఇండెంట్లు స్రవంతి గారి సంతకంతో చెల్లుతాయి. ఆ పైన జీఎం గారు.

క్వాలిటీ ల్యాబ్ ఆమె కింద ఉండదు. కొత్త ఇన్‌ఛార్జి వచ్చేదాకా ల్యాబ్ నేరుగా జీఎం గారికి రిపోర్ట్ చేస్తుంది, లాట్ పాస్ చేసే సంతకం కూడా ఆయనదే. వడ్ల కొనుగోలు, కాంటా, గోదాము, అకౌంట్స్ రిపోర్టింగ్‌లో ఏ మార్పూ లేదు.

నెలాఖరు దాకా ఆమె ల్యాబ్ పని అప్పగిస్తూ ఉంటారు కాబట్టి ప్రొడక్షన్ విషయాలకు అప్పటిదాకా జీఎం గారినే అడగండి.

స్రవంతి గారికి అభినందనలు. కనిపించినప్పుడు మీరూ చెప్పండి."

"మా మధ్య అనుకున్న పరిమితి" అన్నచోట అంకె వేయండి, నాకు మీ అంకె తెలియదు కాబట్టి అట్ల వదిలేశా. అట్లనే "తేమ మీద లాట్ వాపస్ రాలేదు" అన్నది రిజిస్టర్ చూసి సరిపోల్చుకున్నాకే ఉంచండి, ఒక్క లాట్ వచ్చినా "తగ్గింది" అని రాయండి.

ఇందులో రెండు చోట్లు కావాలనే పెట్టాను. ఒకటి, "వారి సెక్షన్లు, వారి కింద ఉన్న మనుషులు మారడం లేదు" అన్న వాక్యం. ఇది యాదయ్య కోసం. రిపోర్టింగ్ మారిందంటే తన కుర్చీ కూడా కదిలిందేమో అనుకుంటాడు మనిషి, కదల్లేదని అందరి ముందూ రాసిపెడితే సగం టెన్షన్ తగ్గుతుంది. రెండోది, ఏం మారలేదో చెప్పడం. గోదాము వాళ్లు, కాంటా మీద ఉన్నవాళ్లు "మేము కూడానా" అని మీకు ఫోన్ చేయకుండా ఆ ఒక్క లైను ఆపుతుంది.

"ఇన్‌ఛార్జి మేనేజర్" అనో "ప్రొడక్షన్ హెడ్ బాధ్యతలు కూడా" అనో మాత్రం రాయొద్దు. మనవైపు ఇన్‌ఛార్జి అంటే సగం మంది పూర్తి అధికారం అనుకుంటారు, సగం మంది అసలు మనిషి వచ్చేదాకా కూర్చోబెట్టారు అనుకుంటారు. ప్రమోషన్ పక్కా అయితే హోదా పేరు పక్కాగా రాయాలి, ట్రయల్ అయితే అదీ రాయాలి.

హోదా అంటే గుర్తొచ్చింది, కొంతమంది ఓనర్లు గొప్పగా ఉంటుందని "ఫ్యాక్టరీ మేనేజర్" అని పెట్టేస్తారు. ఆ మాటకు చట్టంలో వేరే బరువు ఉంది. 1948 ఫ్యాక్టరీల చట్టంలో సెక్షన్ 7 కింద, మేనేజర్‌గా నమోదైన మనిషి మారితే కొత్తాయన బాధ్యత తీసుకున్న ఏడు రోజుల్లో ఇన్‌స్పెక్టర్‌కి రాతపూర్వకంగా తెలపాలని ఉండేది, ప్రమాదం ఏదైనా జరిగితే మొదట అడిగేది కూడా ఆ పేరునే. ఇప్పుడు ఆ చట్టాన్ని కార్మికుల భద్రత, ఆరోగ్యం మీద వచ్చిన 2020 కోడ్‌లో కలిపారు కాబట్టి మీ ఫ్యాక్టరీకి ఇప్పుడు ఏ ఫారం వర్తిస్తుందో మీ లేబర్ కన్సల్టెంట్‌ని అడగండి. మీ మిల్లులో ఆ పేరు జీఎం గారిదే ఉండి ఉంటుంది, అది మారడం లేదు కాబట్టి స్రవంతి గారిని ప్రొడక్షన్ మేనేజర్ అనే పిలవండి, ఆ రెండు మాటలూ కలిపేయొద్దు.

మెయిల్ పోయిన రోజే అటెండెన్స్ సాఫ్ట్‌వేర్‌లో సెలవు అప్రూవ్ చేసే పేరు కూడా 1వ తేదీ నుంచి మారేట్టు పెట్టించండి. ఇది మరిచిపోయి, యాదయ్య పెట్టిన సెలవు ఇంకా జీఎం గారి ఫోన్‌కే పోతే, ఆయన అలవాటుగా ఓకే కొట్టేస్తారు, ఆ రోజు డ్రయ్యర్ దగ్గర ఎవరూ లేరని స్రవంతి గారికి పొద్దున తెలుస్తుంది. మెయిల్ ఒకటి చెప్తుంటే సిస్టమ్ ఇంకోటి చెప్పడం అంటే ఇదే.

చివరగా, మీ మిల్లులో మెయిల్ చదివేది ఎంతమంది? ఆఫీసులో పది మంది ఉంటారేమో. మిగతా వాళ్లకి షిఫ్ట్ మారే టైంలో జీఎం గారు నిలబడి రెండు నిమిషాలు చెప్పాలి, బిహార్ నుంచి వచ్చిన హమాలీలు ఉంటే వాళ్ల మేస్త్రీతో హిందీలో చెప్పించాలి. మెయిల్‌లోని రిపోర్టింగ్ పేరా ఒక్కటి పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీసి పంచింగ్ మిషన్ పక్కన అంటించండి. అట్లనే బాయిలర్ దగ్గర గోడ మీద ఎమర్జెన్సీ ఫోన్ నంబర్ల కాగితం ఉంటుంది కదా, పాతబడి ఊక ధూళి పట్టి, దాని మీద ఇంకా జీఎం గారి నంబరే మొదట ఉంటుంది. దాన్ని చింపి కొత్తది పెట్టండి. రాత్రి రెండు గంటలకు బ్లోయర్ ఆగినప్పుడు ఆ కుర్రాడు మీ మెయిల్ తెరవడు, ఆ గోడ వైపే చూస్తాడు.